సర్కారు డబ్బా

రెజిమెంటల్ బజార్లో ఇత్తడి సామాన్ల కొట్టు మీది గదిలో నేను చాలా ఏళ్లు వ్యాపారులకు పన్ను రిటర్నులు రాసి బతికాను. మా వాళ్లది విజయనగరం వైపు. నాన్నకు రైల్వేలో ఉద్యోగం కాబట్టి సికింద్రాబాద్ వచ్చి పడ్డాం. ఆడపిల్ల బ్యాంకు పరీక్ష రాసి బాగుపడుతుందనుకుంటే, పన్నుల ఆఫీసు మెట్లు అరగదీసే పని పట్టిందేమిటే అని మా అమ్మ చివరిదాకా సణుగుతూనే ఉండేది. నాకు మాత్రం ఆ పనిలో ఒక సుఖం ఉండేది. ఎదురుగా కాలు మీద కాలేసుకుని కోతలు కోసే మగవాణ్ణి కేకలేయకుండా, ఒక్క క్యాలిక్యులేటరుతో నోరు మూయించవచ్చు.

నా నోరు మంచిది కాదని బజారంతా అనేది. నిజమే, కాదు. ప్రతి నెలా ఇరవయ్యో తారీఖు లోపల రిటర్ను పడాలి. పద్దెనిమిదో తారీఖు దాకా ఒక్కడూ కనపడడు. ఆ తర్వాత చూడాలి నా గది మెట్ల మీద తొక్కిసలాట! ఒకాయన బిల్లులన్నీ ఊరగాయ నూనె కారిన కవర్లో తెచ్చి నా బల్ల మీద కుమ్మరించేవాడు. ఇంకొకాయన ప్రతి నెలా అదే మాట, "మేడం, జెర జీరో చేయుండ్రి." జీరో నా చేతిలో ఉందా? నేనేమన్నా గణపతి స్వామినా, మొక్కుకుంటే ఇవ్వడానికి! వీళ్లతో వేగి వేగి నాకు మనుషుల మీద ఉన్న గౌరవం సగం అరిగిపోయింది. మిగతా సగం ఎలా పోయిందో ఇప్పుడు చెబుతాను.

పాత సేల్స్ టాక్సు పోయి వ్యాట్ వచ్చిన కొత్త అది. మాదాపూర్ వైపు అద్దాల మేడలు లేస్తున్నాయి. వాటిలో పనిచేసే పిల్లలందరికీ ఫ్లాట్లు కావాలి. బోయిన్‌పల్లి దాటాక నిన్నటిదాకా గొర్లు మేసిన చోట ఇవాళ పునాదులు తవ్వుతున్నారు. ఊళ్లో హార్డువేరు కొట్టు ఉన్న ప్రతివాడికీ చేతినిండా పని.

నా క్లయింట్లలో ఇద్దరు అన్నదమ్ములు ఉండేవారు. కార్ఖానా రోడ్డులో తండ్రి పెట్టిన హార్డువేరు కొట్టు. తండ్రి పోయాక కొట్టు ఇద్దరి పేరా పార్ట్‌నర్‌షిప్ అయింది, లాభంలో చెరి సగం. గల్లాలో కూర్చునేది, మూటలు దించేది, మేస్త్రీలతో గొంతు చించుకునేది అన్న. తమ్ముడు సాఫ్ట్‌వేరు. మెడలో కంపెనీ బిళ్ల వేలాడేసుకుని శనివారం పూట కొట్టుకు వచ్చి, కూల్ డ్రింకు తాగి, కొట్టును ఎలా నడపాలో అన్నకు చెప్పి వెళ్లేవాడు. ఇంట్లో కూడా ఆ బిళ్ల తీసేవాడు కాదని వాళ్ల వదినే నాతో చెప్పి నవ్వింది.

అన్న చదివింది పదో తరగతి. తెలివైనవాడని నేను అనను. సరుకు వచ్చిన బిల్లు ఎక్కడ పెట్టాడో వెతుక్కోవడానికే సగం రోజు పట్టేది ఆయనకు. కాకపోతే తండ్రి నేర్పిన ఒక్క అలవాటు ఉండేది. గల్లా కింద ఇరవై లీటర్ల పెయింటు డబ్బా ఒకటి, కడిగి ఆరబెట్టి పెట్టుకున్నాడు. దాని పేరు సర్కారు డబ్బా. సాయంత్రం షట్టరు దించేముందు, ఆ రోజు బిల్లుల్లో పన్ను కింద వసూలైనదంతా లెక్కపెట్టి ఆ డబ్బాలో వేసేవాడు. "గది మనది గాదు మేడం. గల్లాల కలిస్తె కర్సయితది," అనేవాడు.

వ్యాట్ వచ్చినప్పుడు నేనే ఆయనను కూర్చోబెట్టి చెప్పాను. "అమ్మినప్పుడు మీరు వసూలు చేసిన పన్ను ఒక పక్క. సరుకు కొన్నప్పుడు మీరు కట్టిన పన్ను ఇంకో పక్క. మొదటిదాంట్లోంచి రెండోది తీసేయండి. మిగిలింది సర్కారుకు కట్టండి. అంతే." ఆయన కాసేపు ఆలోచించి, దీన్ని తన డబ్బాకు అతికించుకున్నాడు. అమ్మిన పన్ను డబ్బాలో వేస్తాడు. సప్లయరుకు డబ్బు కట్టేటప్పుడు సరుకు ధర గల్లాలోంచి, బిల్లులో రాసిన పన్ను డబ్బాలోంచి తీసి ఇస్తాడు. నెలాఖరుకు డబ్బాలో మిగిలింది నాకు తెచ్చి చూపిస్తాడు. నేను కాయితం మీద వేసిన లెక్కా, ఆయన డబ్బాలో ఉన్న లెక్కా ఒకటే రావాలి.

కానీ రాలేదు. ప్రతి నెలా డబ్బాలో మూడు వేలో, నాలుగు వేలో తక్కువ. ఎందుకా అని బిల్లులన్నీ తిరగేశాను. పెయింట్ల దగ్గర దొరికింది. పెయింట్లు వచ్చేది తమ్ముడికి పిల్లనిచ్చిన మామ ఏజెన్సీ నుంచి. ఆయన బిల్లు ఇవ్వడు. తెల్లకాయితం మీద ఎస్టిమేటు అని పైన రాసి, సరుకు, కింద మొత్తం, దాని పక్కన టాక్స్ కలిపి అని రాసి, ఒక వంకర సంతకం పెట్టి పంపుతాడు. వ్యాపారికి పన్నుల ఆఫీసు ఇచ్చే టిన్ నంబరు ఉండదు, పన్ను విడిగా ఉండదు. అన్న అమాయకంగా, అందులో పన్ను ఉందన్నాడు కదా అని ఆ ముక్క లెక్కకట్టి డబ్బాలోంచే ఇచ్చేవాడు.

"ఇది చెల్లదండీ. టిన్ నంబరుతో పద్ధతిగా టాక్స్ ఇన్‌వాయిస్ ఉంటేనే తీసివేత. ఈ చిట్టీ పకోడీలు కట్టుకోవడానికి పనికొస్తుంది. మీ దగ్గర పన్ను తీసుకుని ఆయన జేబులో వేసుకుంటున్నాడు. బిల్లు అడగండి," అన్నాను.

"ఎట్లడుగుత మేడం? తమ్మునికి పిల్లనిచ్చినాయన. బిల్లియ్యి మామా అంటె, నన్ను దొంగంటున్నవా అంటడు. ఇంట్ల లొల్లయితది."

"అయితే ఆ తక్కువ పడ్డది ఎవరు కడతారు?"

"నా వాటాలకెల్లి ఏస్త. తమ్మునికి జెప్పకుండ్రి."

నాకు ఒళ్లు మండింది. మంచితనానికీ చేతగానితనానికీ మధ్య గోడ ఎక్కడుందో ఆయనకు ఎవరూ చూపించలేదు. అయినా క్లయింటు మాట కదా, నోరు మూసుకున్నాను. నేను నోరు మూసుకోవడమంటే మాటలా!

అలా సాగుతుండగా ఒక శనివారం తమ్ముడు కొట్టుకు వచ్చాడు. అప్పుడే సిమెంటు డీలరు మనిషి వసూలుకు వచ్చాడు. అన్న గల్లాలోంచి కొంత, వంగి సర్కారు డబ్బాలోంచి కొంత తీసి ఇచ్చాడు. తమ్ముడు చూశాడు. సర్కారు డబ్బులు చేతిలోకి తీసుకున్న అన్నను చూశాడన్నమాట! అడిగితే పోయేది. అడగలేదు. కిందటి నెల అమ్మకం బిల్లుల పుస్తకాలూ, దానికి నేను కట్టించిన చలానా కాపీనూ ఇంటికి పట్టుకుపోయాడు. ల్యాప్‌టాపులో ఎక్కించాడు. బిల్లుల్లో పన్ను మొత్తం యాభై ఆరు వేలు. చలానా మీద పన్నెండు వేలు. తీసేస్తే నలభై నాలుగు వేలు. ఆ నలభై నాలుగు వేలకు ఎర్ర రంగు పులిమాడు. కొనుగోలు ఫైలు అన్నది ఒకటి ఉంటుందని ఆ మహానుభావుడికి తట్టనే లేదు. చదవేస్తే ఉన్న మతి పోయిందంటే ఇదే.

తట్టకపోతే పోనీ, నాకొక ఫోను చేయవచ్చు. చేయలేదు. పెళ్లానికి చెప్పాడు. పెళ్లాం తండ్రికి చెప్పింది. తండ్రి ఎవరు? పెయింట్ల మామ. మూడు రోజుల్లో కార్ఖానా నుంచి బోయిన్‌పల్లి దాకా, పెద్దోడు సర్కారు పైసలు తింటున్నడట అన్న మాట పాకిపోయింది. అప్పు మీద సరుకు వేసే డీలర్లు అన్నకు ఫోన్లు చేసి, మా బాకీ జెర ముందుగాల సాఫ్ చేయమని అడగడం మొదలుపెట్టారు. బజార్లో పేరు పోతే హార్డువేరు కొట్టు నడవదు. సరుకంతా నోటిమాట మీద వచ్చేదే.

ఆదివారం కొట్టులోనే పంచాయితీ అన్నారు. తప్పు తేలితే అన్న గల్లా దిగాలి, జీతానికి మేనేజరును పెడతారు, అన్న ఇంట్లో కూర్చోవాలి. పెద్దమనిషిగా ఎవరు? ఇంకెవరు, మామగారే! నన్ను కాయితాలు తీసుకుని రమ్మన్నారు. అన్న ముందురోజు నా గదికి వచ్చి కూర్చున్నాడు. మొహం పీక్కుపోయింది.

"మా నాయిన కూసున్న గల్లా మేడం. దొంగతనం జేసి దిగిండనిపిచ్చుకోని ఎట్ల దిగాలె? లెక్క సాఫ్ జెప్పుండ్రి. గని మామ చిట్టీల ముచ్చట మాత్రం ఎత్తకుండ్రి."

"లెక్క చెబితే చిట్టీ దానంతటదే వస్తుంది. ఒక వరస దాచి మిగతావి చదవడానికి నేనేం పురాణం చెప్పడం లేదు."

ఆయన టీ తాగి వెళ్లిపోయాడు.

ఆదివారం షట్టరు సగం ఎత్తి ఉంది. లోపల సిమెంటు వాసన. మామగారు ఇస్త్రీ మడత నలగని తెల్ల లాల్చీలో గల్లా కుర్చీలోనే కూర్చున్నాడు, అప్పుడే తీర్పు అయిపోయినట్టు. తమ్ముడు పెయింటు డబ్బాల మీద ల్యాప్‌టాపు పెట్టి తెరిచాడు. అన్న పైపుల కట్ట పక్కన నిలబడ్డాడు, వాళ్లావిడ ఆయన వెనకాల. నాకొక స్టూలు వేశారు.

"చూడుండ్రి మామయ్యా," అన్నాడు తమ్ముడు, తెర ఆయన వైపు తిప్పి. "కస్టమర్ల దగ్గర కలెక్ట్ చేసింది ఫిఫ్టీ సిక్స్ థౌజండ్. గవర్నమెంట్‌కి కట్టింది ట్వెల్వ్. ఫార్టీ ఫోర్ మిస్సింగ్. డేటా క్లియర్‌గ ఉంది. నేను అన్నను బ్లేమ్ చేస్తలేను, జస్ట్ అడుగుతున్న."

జస్ట్ అడుగుతున్నాడట! ఊరంతా చాటింపు వేయించి జస్ట్ అడగడం నేను అక్కడే చూశాను.

మామగారు గొంతు సవరించుకుని, "సర్కారు సొమ్ము ఇసం బిడ్డా. గాడ దొంగతనం, గుళ్ల దొంగతనం ఒక్కటే," అన్నాడు. అని నా వైపు తిరిగి, "ఒక్కొక్క వరుస సదువుండ్రి మేడం. ఏదీ ఇడవకుండ్రి," అన్నాడు.

"ఇడవనండీ. మీరు చెప్పాక విడుస్తానా?" అన్నాను.

కాయితం తీసి బల్ల మీద పరిచాను. ఇప్పటికీ ఆ వరసలు నాకు కంఠతా వచ్చు.

అమ్మకాలు (పన్ను కాక)
పారలు, కొడవళ్లు: 20,000. పన్ను లేదు. పన్ను 0
ఇనుప కడ్డీలు, పైపులు: 4,00,000. నూటికి నాలుగు. పన్ను 16,000
సిమెంటు, పెయింట్లు: 3,20,000. నూటికి పన్నెండున్నర. పన్ను 40,000
వసూలైన పన్ను మొత్తం: 56,000

కొనుగోళ్లు (పన్ను కాక)
పారలు, కొడవళ్లు: 15,000. పన్ను 0
ఇనుప కడ్డీలు, పైపులు: 3,50,000. పన్ను 14,000
సిమెంటు, పెయింట్లు, బిల్లు ఉన్నవి: 2,40,000. పన్ను 30,000
పెయింట్లు, ఎస్టిమేటు చిట్టీ మీద, అన్నీ కలిపి 36,000. తీసివేత 0
తీసివేసే పన్ను మొత్తం: 44,000

కట్టవలసింది: 56,000 లోంచి 44,000 పోగా 12,000

"యాభై ఆరు వేలు మీరు లెక్కపెట్టారు, బాగానే ఉంది," అన్నాను తమ్ముడితో. "కానీ అన్న ఈ సరుకు ఆకాశంలోంచి దింపలేదు. కొన్నాడు. కొన్నప్పుడు ఇనుముకు పద్నాలుగు వేలు, సిమెంటుకూ రంగులకూ ముప్ఫై వేలు, పన్ను ఆయన చేతి మీదుగా డీలర్లకు పోయింది. ఆ డీలర్లు తమ రిటర్నుల్లో లెక్క చెబుతారు. రెండూ కలిపితే ఎంత?"

తమ్ముడు తెర వైపు చూసి, "ఫార్టీ ఫోర్," అన్నాడు.

"మీ ఎర్ర రంగు అదే."

"కానీ మేడం, సిమెంట్ బస్తాలు ఇంక గోడౌన్ల ఉన్నయ్ గద. అమ్మనిదాని ట్యాక్స్ ఎట్ల మైనస్ చేస్తరు?"

"బిల్లు వచ్చిన నెలలోనే తీసివేత. అమ్ముడుపోయిందా లేదా అని ఏ బస్తాకి ఆ బస్తా చూడరు. ఆ బస్తాలు అమ్ముడుపోయిన నెలలో వసూలు పెరుగుతుంది, అప్పుడు ఎక్కువ కడతారు."

"అయితే యావరేజ్ రేట్ తీసి, ప్రాఫిట్ మీద వేస్తే సింపుల్ గద?"

"సున్నాకీ, నాలుగుకీ, పన్నెండున్నరకీ యావరేజా? సింపులే. పిండి, చింతపండు, కిరోసిన్ ఒకే సంచిలో పోసుకుని ఇంటికి తీసుకెళ్లడం కూడా సింపులే. ఏ రేటు సరుకుకు ఆ రేటు, అమ్మిందాని మీద పూర్తిగా వేసి, కొన్నదాని మీద కట్టింది పూర్తిగా తీసేయాలి. లాభంతో దీనికి పని లేదు."

తమ్ముడి మొహం ఎర్రబడింది. అన్న వాళ్లావిడ కొంగుతో కళ్లు తుడుచుకుంది. అన్న మాత్రం నన్నే చూస్తున్నాడు, ఇంకచాలు ఆపండి అన్నట్టు. నేనూ ఆపేదాన్నే. నిజంగా ఆపేదాన్ని. కాయితం మడవడానికి చెయ్యి పెట్టాను కూడా. కానీ తమ్ముడికి ఓడిపోవడం ఇష్టం లేదు. వేలు పెట్టి చూపించాడు.

"ఆగుండ్రి మేడం. ఈ లాస్ట్ లైన్? పెయింట్స్ థర్టీ సిక్స్ థౌజండ్, తీసివేత జీరో. ఎందుకు? క్రెడిట్ రావాలె గద. అంటే లాస్ ఉందన్నట్టే. ఎవల మిస్టేక్ ఇది?"

"బిల్లు లేదు," అన్నాను.

"బిల్లు లేకుంట సరుకెట్ల కొంటవ్ అన్నా? ఇదే నేను చెప్తున్నది. ప్రాసెస్ లేదు నీ దగ్గర. ఎంత పోయింది మేడం?"

"ముప్ఫై ఆరు వేలలో పన్ను కలిసే ఉందని రాసిచ్చారు. నూటపన్నెండున్నరలో పన్నెండున్నర. నాలుగు వేలు. పద్ధతిగా బిల్లు ఉంటే మీరు కట్టవలసింది పన్నెండు వేలు కాదు, ఎనిమిది వేలే."

మామగారు కుర్చీలో వెనక్కి వాలాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటారని విన్నాను గానీ, ఈయనకు ఆపాటి సిగ్గు కూడా లేదు. చేయెత్తి, "చూస్తివా మరి! నలభై నాలుగు కాకుంటె నాలుగు. దొంగతనం దొంగతనమే. గా నాలుగు వేలు ఎవలు తిన్నరో ఇయ్యాల తేలాలె," అన్నాడు.

తన చేతిరాత తనకు గుర్తు లేదా, నేను తేలేదనుకున్నాడా, అన్న నోరు విప్పడన్న ధైర్యమా, నాకు ఇప్పటికీ తెలియదు. అన్న నా వైపు ఒకడుగు వేసి, "మేడం, వద్దు," అన్నాడు. ఆ మనిషి అంత మెల్లగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

నేను సంచిలోంచి చిట్టీ తీసి మామగారి చేతిలో పెట్టాను.

"నా కళ్లజోడు సరిగ్గా లేదండీ. మీరే చదివి పెట్టండి. రాసిన చేతికి చదవడం తేలిక."

ఆయన చదవలేదు. చిట్టీ మడత పెట్టి లాల్చీ జేబులో వేసుకోబోయాడు. "అది కొట్టు కాయితం, ఇచ్చేయండి," అన్నాను. తమ్ముడు చెయ్యి చాచి తీసుకుని చూశాడు. మొత్తం దగ్గర 'టాక్స్ కలిపి' అన్న మాటా, ఆ వంకర సంతకమూ. లగ్నపత్రిక మీద చూసిన సంతకమే అయి ఉంటుంది. మామగారు, "యాపారంల గివన్ని నడుస్తయి. బజార్లందరు జేస్తున్నదే," అని లేచి, ఎవరో వస్తారని చెప్పి సగం ఎత్తిన షట్టరు కింద నుంచి వంగి వెళ్లిపోయాడు. దొంగే దొంగా దొంగా అని అరిచి అంత తీరిగ్గా నడిచిపోవడం చూసి నాకు నవ్వే వచ్చింది.

"ప్రతి నెలా ఇంతే," అన్నాను తమ్ముడితో. "ఈ తక్కువ మీ అన్న తన వాటాలోంచి వేస్తున్నాడు. మీ వాటాలో రూపాయి తగ్గలేదు. మీ అత్తవారి పరువు కోసం."

ఇక్కడ ఏ మనిషైనా ఏం చేస్తాడు? కాళ్ల మీద పడమనను. కనీసం ఒక మాట అంటాడు. ఈ తమ్ముడు ల్యాప్‌టాపు మూసి, "సారీ అన్నా. మిస్‌కమ్యూనికేషన్. ఫోర్ థౌజండ్ ఏం పెద్ద అమౌంట్ కాదు, వదిలెయ్. ఇప్పటి సంది నెలనెలా నాకొక షీట్ పంపు, సెట్ అయిపోతది," అన్నాడు.

అన్న తమ్ముడి వైపు తిరిగాడు.

"నాలుగు వేలు పెద్దది గాదు తమ్మీ. నిజమే. గని నలభై నాలుగు వేలు నేను తిన్ననని బజార్ల చెప్పినవు సూడు, గది నాకు శానా పెద్దగుంది. నువ్వు నన్నొక్క మాట అడుగుడు గింత తక్లీఫయిందా?"

వంగి గల్లా కింద నుంచి సర్కారు డబ్బా తీశాడు. దాంట్లో ఆ నెల వసూళ్లున్నాయి. తమ్ముడి ముందర పెట్టాడు. జేబులోంచి తాళాల గుత్తి తీసి డబ్బా మూత మీద పెట్టాడు.

"లెక్క తేలింది. ఇగ నేను దొంగను గాదు గద. ఇప్పుడు దిగుత. ముందే దిగితె దొంగతనం జేసి దిగినట్టుండు."

తమ్ముడు, "అన్నా, ఎమోషనల్ అవ్వకు," అన్నాడు. ఆ మాటకు సమాధానం చెప్పడం దండగ అని అన్నకు కూడా తెలిసినట్టుంది. భార్యను తీసుకుని బయటికి వెళ్లిపోయాడు. నేను నా కాయితాలు సర్దుకుని, ఆ పూట ఫీజు అడిగి తీసుకుని మరీ వచ్చాను. వదిలేస్తానా!

లెక్కలు తేల్చి విడిపోయారు. కొట్టు తమ్ముడికి. మేనేజరును పెట్టాడు, ఆ మేనేజరు రెండో నెలలోనే చలానా ఆలస్యం చేసి వడ్డీ కట్టించాడు. మామగారు ఇప్పుడు నిక్షేపంలాంటి బిల్లు పంపుతున్నాడు, టిన్ నంబరుతో సహా. కాకపోతే పాత ముప్ఫై ఆరు వేల సరుకు ఇప్పుడు పన్ను కాక ముప్ఫై ఆరు వేలు, ఆ పైన పన్ను నాలుగున్నర వేలు. పోయిన నాలుగు వేలు ధరలో మళ్లీ రాబట్టుకున్నాడు. పిల్లనిచ్చిన మామ మరి! తమ్ముడు దాన్ని కనిపెట్టలేదు. ఆ కాలమ్ అతని షీటులో లేదు.

అన్న అదే రోడ్డులో, నాలుగు అంగళ్ల అవతల, మంచం పట్టేంత చోట ఒక అంగడి పెట్టాడు. మేకులు, బ్రష్షులు, చిన్న పెయింటు డబ్బాలు, కుళాయిలు. రిజిస్ట్రేషన్ కోసం నా గదికి వచ్చాడు. ఏడాది అమ్మకం ఎనిమిది తొమ్మిది లక్షలు ఉంటుందన్నాడు. నలభై లక్షల లోపు వాళ్లకు టర్నోవరు టాక్సు ఉంది. అమ్మినదాంట్లో నూటికి ఒక రూపాయి కడితే సరి. మూడు నెలలకోసారి రిటర్ను. అయితే కొన్నప్పుడు కట్టిన పన్ను తీసివేయడానికి లేదు, కస్టమరు దగ్గర విడిగా పన్ను వసూలు చేయడానికీ లేదు. అదే చాలని రాయించుకుని వెళ్లి, మూడు నెలలకు మొదటి రిటర్ను వేయించడానికి వచ్చాడు.

"కావాలంటే ఇప్పటికైనా ఇష్టపడి వ్యాట్‌లో ఉండొచ్చు మీరు," అన్నాను. "కొన్నదాని మీద పన్ను తీసివేత వస్తుంది. ఇలా అయితే పెయింట్ల మీద పన్నెండున్నరా మీ ధరలోనే కలిసిపోతుంది, దాని పైన మళ్లీ ఈ రూపాయి. బిల్లు కావాలనే కాంట్రాక్టర్లు మీ దగ్గరికి రారు. పూర్తిగా తెలివితక్కువ బేరం."

"ఎరికే మేడం."

"ఎరికైతే మరి?"

"గీ మూడు నెలలది జూడుండ్రి," అని కాయితం నా ముందు పెట్టాడు. అమ్మకం రెండు లక్షల పదివేలు. పన్ను రెండు వేల వంద. అంతకు మించి దానిమీద ఏమీ లేదు. "కూడుడు, నూటికొకటి కట్టుడు. దీంట్ల తీసివేత లేదు."

"అదే కదా నేను చెప్పేది. తీసివేత లేకపోతే నష్టం మీకే."

"తీసివేత ఉంటెనే గద మేడం, తీసింది యాడికి వోయిందని అడుగుతరు."

రిటర్ను మీద ఆయన సంతకం చేయించుకుని, రసీదు ఇచ్చి పంపాను.